టైప్ 1 సర్వోలో ర్యాంప్ దోషం: లెక్కకు 0.2 డిగ్రీ, కొలిస్తే 0.53 డిగ్రీ. తేడా ఎక్కడి నుంచి వస్తోంది?

నక్షత్రరేఖ

అందరికీ నమస్కారం. మేము నలుగురం ఇంజనీరింగ్ చివరి సంవత్సరం ప్రాజెక్టుగా, సాయంత్రం వేళ ఆకాశంలో వెళ్ళే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని కెమెరాతో వెంబడించే మౌంట్ ఒకటి తయారు చేశాము. అజిముత్ అక్షానికి గేరుపెట్టె ఉన్న డీసీ మోటారు, చివరి షాఫ్టుకు ఎన్‌కోడర్ అమర్చాము. వేర్వేరు వోల్టేజీల దగ్గర వేగాన్ని కొలిచి గ్రాఫు గీస్తే, వోల్టుకు సెకనుకు 3 డిగ్రీల వాలు వచ్చింది. టైమ్ కాన్‌స్టంట్ 0.2 సెకన్లు. కాబట్టి మోటారు మోడల్ `3/(s(0.2s+1))` అని రాసుకున్నాము. కంట్రోలర్‌లో డిగ్రీకి 2 వోల్టుల P గుణకం పెట్టాము.

హారంలో ఒక `s` ఉంది కనుక ఇది టైప్ 1. స్టెప్‌కు స్థిరస్థితి దోషం సున్నా కావాలి, ర్యాంప్‌కు స్థిరమైన దోషం రావాలి. `Kv = 2 × 3 = 6`. మొన్నటి సాయంత్రం కేంద్రం సుమారు 49 డిగ్రీల ఎత్తు వరకు వచ్చింది. ఆ సమయంలో అజిముత్ వేగం సెకనుకు 1.2 డిగ్రీలు. అంటే దోషం 1.2/6, అనగా 0.2 డిగ్రీ ఉండాలి. ఎన్‌కోడర్ లాగ్‌లో మాత్రం 0.53 డిగ్రీ కనిపించింది. ఇంకో విచిత్రం ఏమిటంటే, అదే క్షణంలో తీసిన ఫొటోలో కేంద్రం ఫ్రేము మధ్య నుంచి 0.35 డిగ్రీ మాత్రమే పక్కకు ఉంది. లెక్క, ఎన్‌కోడర్, కెమెరా మూడూ మూడు సంఖ్యలు చెబుతుంటే దేనిని నమ్మాలో మాకు తెలియడం లేదు. ఇక స్టెప్ ఇచ్చినప్పుడు కూడా దోషం సున్నా కాకుండా 0.1 డిగ్రీ దగ్గర ఆగిపోతోంది.

సరళరేఖ

టైప్ 1 వ్యవస్థ ర్యాంప్‌ను దోషం లేకుండా వెంబడించలేదు. ఇది మోడల్ తప్పు కాదు, టైప్ సంఖ్య స్వభావమే అంత. ఒక ఇంటిగ్రేటర్ జోడించి టైప్ 2 చేయండి, ర్యాంప్ దోషం పూర్తిగా పోతుంది. కావాలంటే టైప్ 3 చేయండి, పారాబోలాకు కూడా దోషం ఉండదు. టైప్ ఎంత పెంచితే అంత మంచిది. ఇందులో ఇంతకన్నా ఆలోచించవలసినది ఏమీ లేదు.

పరీక్షార్థి

నాకు ఒక సందేహం. టైప్ 1 వ్యవస్థకు `Kp` అనంతం కదా, అందుకే స్టెప్ దోషం సున్నా అవుతుంది. మరి మీరు P గుణకం 2 అంటున్నారు. అది 2 అయితే స్టెప్ దోషం `1/(1+2)`, అంటే 33 శాతం రావాలి కదా?

మూర్తి_సర్వో

పరీక్షార్థి గారూ, ఒకే అక్షరాన్ని రెండు వస్తువులకు వాడడం వల్ల వచ్చిన చిక్కు ఇది. మీరు చెప్పే `Kp` అనేది `s` సున్నాకు చేరినప్పుడు ఓపెన్ లూప్ `G(s)` విలువ. నక్షత్రరేఖ గారు చెప్పేది కంట్రోలర్‌లో పెట్టిన గుణకం. మోటారులోని `1/s` వల్ల మొదటిది అనంతమే, రెండవది 2 వోల్టులే. గందరగోళం లేకుండా ఇకపై నేను `Kp` అని రాస్తే కంట్రోలర్ గుణకమని అనుకోండి.

నక్షత్రరేఖ గారూ, జవాబు చెప్పే ముందు ఒక విషయం అడగాలి. మీ కంట్రోలర్‌లో P ఒక్కటే ఉందా? `s² + 5s + 30` అనే సమీకరణానికి డ్యాంపింగ్ 0.46 దగ్గర వస్తుంది. అంటే స్టెప్ ఇస్తే దాదాపు 20 శాతం ఓవర్‌షూట్ ఉండాలి. కెమెరా పెట్టిన మౌంటును ఎవరూ అలా ఊగనివ్వరు. మీరు తప్పకుండా D పెట్టి ఉంటారు. అది కోడులో ఏ వరుసలో ఎలా రాశారో చూపించండి.

నక్షత్రరేఖ

నిజమే సార్, ఆ సంగతి రాయడం మరిచిపోయాను. మొదట మీరు చెప్పినట్టే ఊగింది. అందుకని D జోడించాము. దాని గుణకం సెకనుకు డిగ్రీకి 0.5 వోల్టు. D వల్ల టైప్ సంఖ్య మారదు కనుక దోషం లెక్కలో దాన్ని పరిగణించలేదు. కోడులో ఆ భాగం ఇది:

```c
d = (meas - meas_old) / dt;
u = Kp*(ref - meas) - Kd*d;
```

మూర్తి_సర్వో

మీ తేడాలో పెద్ద భాగం ఈ రెండో వరుసలోనే ఉంది. D వల్ల టైప్ మారదన్న మాట సరైనదే. కానీ టైప్ మారకపోయినంత మాత్రాన `Kv` మారదని కాదు. మీరు D ని దోషం మీద తీయలేదు, కొలత మీద తీశారు. ఆ చిన్న మార్పు ర్యాంప్ దోషాన్ని రెండున్నర రెట్లు చేసింది.

సూత్రాన్ని కాసేపు పక్కన పెట్టి వోల్టులు లెక్కపెడదాం. మోటారు సెకనుకు 1.2 డిగ్రీల వేగంతో నిలకడగా తిరగాలంటే దానికి 1.2/3, అంటే 0.4 వోల్టు అందాలి. P ఒక్కటే ఉంటే ఆ 0.4 వోల్టును పుట్టించడానికి 0.2 డిగ్రీ దోషం ఉండక తప్పదు. ర్యాంప్‌లో మిగిలే దోషానికి అసలు కారణం ఇదే. దోషం లేకపోతే వోల్టేజీ లేదు, వోల్టేజీ లేకపోతే వేగం లేదు. ఇప్పుడు మీ D భాగం ఏమి చేస్తోందో చూడండి. మౌంట్ తిరగవలసిన వేగంతోనే తిరుగుతున్నా, ఆ తిరగడాన్నే అది అడ్డుకుంటూ 0.5 × 1.2, అంటే 0.6 వోల్టును తీసివేస్తోంది. కాబట్టి P భాగం 0.4 కాక 1.0 వోల్టు ఇవ్వాలి. దానికి 0.5 డిగ్రీ దోషం కావాలి.

బ్లాకు చిత్రంలో చెప్పాలంటే, కొలత మీద తీసిన D అనేది మోటారు చుట్టూ లోపల ఒక వేగపు లూప్‌ను కడుతుంది. పాత యంత్రాలలో టాకో జనరేటర్ పెట్టి చేసే పని సరిగ్గా ఇదే. బయటి లూప్‌కు కనిపించే `G(s)` అప్పుడు `6/(s(0.2s+2.5))` అవుతుంది. హారంలో `s` ఒక్కటే ఉంది, టైప్ 1 అలాగే ఉంది. `Kv` మాత్రం 6 నుంచి 2.4 కు పడిపోయింది.

D ని దోషం మీద తీసి ఉంటే క్లోజ్డ్ లూప్ పోల్స్ ఒక్క చుక్క కూడా కదలవు. రెండు సందర్భాలలోనూ సమీకరణం `0.2s² + 2.5s + 6` మాత్రమే. ఊగడం అంతే, స్థిరత్వం అంతే, ర్యాంప్ దోషం మాత్రం ఒకదానిలో 0.2, మరొకదానిలో 0.5. పోల్స్ మాత్రమే చూసి దోషాన్ని ఊహించేవారు పొరబడేది ఇక్కడే.

సరళరేఖ

నేను ఇంతవరకు క్లోజ్డ్ లూప్ హారంలో `s` లను లెక్కపెట్టి టైప్ చెప్పేవాడిని. అది తప్పా?

మూర్తి_సర్వో

తప్పే. క్లోజ్డ్ లూప్ హారంలో విడిగా ఒక `s` మిగిలితే ఆ వ్యవస్థ స్థిరంగా లేదని అర్థం. టైప్‌ను లెక్కపెట్టవలసింది ఓపెన్ లూప్‌లో, అదీ ఫీడ్‌బ్యాక్ విలువ ఒకటిగా ఉండేటట్టు చిత్రాన్ని సర్దుకున్న తరువాత. ఆమె కోడును ఉన్నది ఉన్నట్టు చిత్రంగా గీస్తే ఫీడ్‌బ్యాక్ దారిలో `2 + 0.5s` ఉంటుంది. అది ఒకటి కాదు. అందుకే మోటారు, P రెండూ చూసి వేసిన లెక్క పక్కదారి పట్టింది.

బాలానగర్_యంత్రశాల

నేను బాలానగర్‌లో సీఎన్‌సీ యంత్రాల మరమ్మతు చేస్తాను. సూత్రాలు నాకు అంతగా రావు కానీ, మీరు మాట్లాడుతున్న వస్తువు మా తెర మీద రోజూ కనిపిస్తుంది. మేము దాన్ని ఫాలోయింగ్ ఎర్రర్ అంటాము. ఒక పాత లేత్‌లో పొజిషన్ గెయిన్‌ను మిల్లీమీటరుకు నిమిషానికి ఒక మీటరుగా పెట్టారు. నిమిషానికి 6 మీటర్ల వేగంతో అక్షం పోతుంటే, ఆదేశానికి 6 మిల్లీమీటర్లు వెనుకగా పోతూ ఉంటుంది. ఆగగానే ఆ 6 సున్నా అవుతుంది. కొత్తగా వచ్చిన కుర్రవాళ్ళు అది చూసి యంత్రం పాడైపోయిందని భయపడతారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటి ఉంది. రెండు అక్షాల గెయిన్లు సమానంగా ఉంటే సరళరేఖ కోతలో ఆ వెనుకబాటు వల్ల నష్టం ఉండదు, ఎందుకంటే రెండు అక్షాలూ ఒకే సమయం వెనుకబడి పోతాయి, టూలు గీత మీదనే ఉంటుంది. గెయిన్లు వేరైతే గీత పక్కకు జరుగుతుంది. వృత్తం కోసేటప్పుడు మాత్రం గెయిన్లు సమానమైనా వృత్తం చిన్నదవుతుంది. ఒకసారి 20 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో, నిమిషానికి మీటరు వేగంతో కోసిన ముక్క దాదాపు 25 మైక్రాన్లు తక్కువ వచ్చింది. టూలు అరిగిందని మూడుసార్లు మార్చాము. వేగం సగానికి తగ్గించి కోసిన తరువాతే అసలు కారణం అర్థమైంది.

అందువల్ల ఈ అమ్మాయి గెయిన్ పెంచుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం. ఇంటిగ్రేటర్ జోలికి పోవద్దు. మా యంత్రాలలో పొజిషన్ లూప్‌లో ఇంటిగ్రేటర్ పెట్టిన చోటల్లా మూలల దగ్గర టూలు గీత దాటి లోపలికి కోస్తుంది.

మూర్తి_సర్వో

మీ 25 మైక్రాన్లు లెక్కకు చక్కగా సరిపోతున్నాయి. ఆ వేగంలో వెనుకబాటు 1 మిల్లీమీటరు, దాని వర్గాన్ని వ్యాసార్ధానికి రెండింతలతో, అంటే 40 తో భాగిస్తే 0.025 మిల్లీమీటరు. వేగం సగమైతే అది నాలుగో వంతు అవుతుంది కనుక మీకు కారణం దొరికింది. మూలల దగ్గర టూలు దాటిపోవడం గురించి కూడా తరువాత రాస్తాను, అది ఈ చర్చకు చాలా అవసరం.

నక్షత్రరేఖ

మీ వివరణ చదివిన రాత్రే D ని దోషం మీదకు మార్చి, సెకనుకు 1.2 డిగ్రీల కృత్రిమ ర్యాంప్ ఇచ్చి చూశాము. దోషం 0.53 నుంచి 0.23 కు తగ్గింది. చాలా సంతోషించాము. అయితే మిగిలిన 0.03 ఏమిటి? కెమెరాలో 0.35 ఎందుకు వచ్చింది? సరళరేఖ గారు చెప్పినట్టు ఇంటిగ్రేటర్ పెట్టినప్పుడు జరిగినది కూడా చెప్పాలి. D అవసరం లేదేమోనని దాన్ని తీసివేసి, `Ki` ను 12 చేశాము. సూత్రం ప్రకారం ర్యాంప్ దోషం సున్నా. మౌంట్ మాత్రం కుడికీ ఎడమకూ ఊగుతూ, ఊగుడు పెరుగుతూ పోయింది. కెమెరా తీగ తెగే లోపు ప్లగ్గు పీకవలసి వచ్చింది.

దూరదర్శిని

కెమెరా విషయం నేను చెప్పగలను. అజిముత్ కోణం నేల మీద కొలిచేది. కెమెరా పైకి 49 డిగ్రీలు ఎత్తి ఉన్నప్పుడు, అజిముత్‌లో ఒక డిగ్రీ తిరిగితే ఆకాశంలో చూపు ఒక డిగ్రీ కదలదు, ఎత్తు కోణపు కొసైను మేరకే కదులుతుంది. 49 డిగ్రీలకు అది 0.656. దాన్ని 0.53 తో గుణిస్తే 0.35 వస్తుంది. మీ ఎన్‌కోడర్, కెమెరా రెండూ నిజమే చెబుతున్నాయి. కేంద్రం సరిగ్గా తల మీదుగా పోయే రోజున ఇదే కారణం వల్ల అజిముత్ విపరీతమైన వేగంతో తిరగవలసి వస్తుంది. 80 డిగ్రీల ఎత్తుకు వచ్చే రోజున ఆ వేగం సెకనుకు 6 డిగ్రీలకు చేరువ అవుతుంది. ఆ రోజుకు ముందుగా సిద్ధపడండి.

మూర్తి_సర్వో

మిగిలిన 0.03 డిగ్రీని వోల్టులలోకి మార్చి చూడండి. 2 తో గుణిస్తే 0.06 వోల్టు. గేర్లలోని రాపిడిని అధిగమించడానికి మోటారుకు కావలసిన వోల్టేజీ అది. మీరు 3 అనే విలువను గ్రాఫు వాలు నుంచి తీశారు కనుక, గ్రాఫు సున్నా దగ్గర నుంచి బయలుదేరలేదన్న సంగతి మోడల్‌లోకి రాలేదు. మీ పాత గ్రాఫును తీసి చూడండి, రేఖ వోల్టేజీ అక్షాన్ని 0.06 దగ్గర తాకుతూ ఉండాలి. D ఎక్కడ పెట్టినా ఈ 0.03 మారలేదన్నది గమనించారు కదా? 0.53 లోనూ అది ఉంది, 0.23 లోనూ ఉంది.

ఇక ఇంటిగ్రేటర్ ప్రమాదం. D తీసివేసి `Ki` పెడితే సమీకరణం `0.2s³ + s² + 6s + 3Ki` అవుతుంది. రౌత్ పరీక్ష ప్రకారం `Ki` 10 కన్నా తక్కువ ఉంటేనే అది స్థిరం. మీరు 12 పెట్టారు. చివరి విలువ సిద్ధాంతం స్థిరమైన వ్యవస్థకు మాత్రమే వర్తిస్తుంది, కానీ `s` స్థానంలో సున్నా పెట్టినప్పుడు ఆ సూత్రం మిమ్మల్ని హెచ్చరించదు. ఊగి ఊగి విరిగిపోయే యంత్రానికి కూడా అది దోషం సున్నా అని ప్రశాంతంగా చెబుతుంది. కాబట్టి దోషం లెక్కకు ముందు స్థిరత్వం చూడాలి, ఆ వరుస మారకూడదు. మీ D అలాగే ఉంచి ఉంటే `Ki` పరిమితి 25 వరకు పెరిగేది.

సరళరేఖ గారు టైప్ ఎంత పెంచితే అంత మంచిదన్నారు. ప్రతి ఇంటిగ్రేటర్ 90 డిగ్రీల ఫేజ్‌ను తినేస్తుంది. టైప్ 3 లో ఆ మూడింటి 270 డిగ్రీలను భర్తీ చేయడానికి కనీసం రెండు జీరోలు కావాలి. అప్పుడు కూడా గెయిన్ తగ్గితే వ్యవస్థ అస్థిరమవుతుంది. అంటే మోటారు వోల్టేజీ పరిమితిని తాకి నికర గెయిన్ పడిపోయిన రోజున ఊగడం మొదలవుతుంది. ఈ మౌంటుకు ఆ కష్టం అక్కరలేదు.

పరీక్షార్థి

పారాబోలా విషయం కూడా చెప్పండి సార్. D కొలత మీద, `Ki` 2 అనుకుంటే `Ka = 3 × 2/2.5 = 2.4` అని వచ్చింది. ఇన్‌పుట్ `t²` అయితే దోషం 1/2.4 అని రాయవచ్చా?

మూర్తి_సర్వో

రాయకూడదు. `1/Ka` అనేది `t²/2` కు వచ్చే దోషం, అనగా త్వరణం ఒకటిగా ఉన్న పారాబోలాకు. `t²` లో త్వరణం 2 కాబట్టి దోషం 2/2.4. ప్రశ్నలో సగం ఉందో లేదో చూడకుండా జవాబు రాయడం వల్ల చాలామంది ఇక్కడ మార్కులు పోగొట్టుకుంటారు. త్వరణాన్ని `Ka` తో భాగించడమని గుర్తుంచుకుంటే ఈ పొరపాటు రాదు.

నక్షత్రరేఖ గారి మౌంటు విషయంలో ఈ పారాబోలా లెక్క చాలా పనికొస్తుంది. అంతరిక్ష కేంద్రం ఇచ్చే అజిముత్ నిజానికి ర్యాంప్ కాదు, పారాబోలా కాదు. అది ఆర్క్ టాంజెంట్ ఆకారంలో మెల్లగా మొదలై, మధ్యలో వేగమందుకుని, మళ్ళీ మెల్లబడుతుంది. 1.2 డిగ్రీల గరిష్ఠ వేగం ఉన్న ఆ పాస్‌లో వేగం చెప్పుకోదగినంత మారడానికి పదుల సెకన్లు పడుతుంది, మీ లూప్ మాత్రం రెండు సెకన్లలోపే సర్దుకుంటుంది. అందువల్ల ఏ క్షణానికి ఆ క్షణపు వేగాన్నీ త్వరణాన్నీ తీసుకుని ఈ సూత్రాలను వాడవచ్చు. గరిష్ఠ త్వరణం సెకను వర్గానికి 0.016 డిగ్రీ దగ్గర వస్తుంది. దాన్ని 2.4 తో భాగిస్తే 0.007 డిగ్రీ. టైప్ 2 లో మిగిలేది అంతే.

లాగ్ చూసి మీ లూప్ టైప్ 1 లా ప్రవర్తిస్తోందా, టైప్ 2 లానా అన్నది కూడా చెప్పవచ్చు. టైప్ 1 అయితే దోషం వేగాన్ని అనుసరిస్తుంది, కేంద్రం అత్యంత ఎత్తున ఉన్న క్షణంలో గరిష్ఠమవుతుంది. టైప్ 2 అయితే దోషం త్వరణాన్ని అనుసరిస్తుంది. అత్యంత ఎత్తున ఉన్నప్పుడు త్వరణం సున్నా కాబట్టి దోషం అక్కడ సున్నా దాటి గుర్తు మార్చుకుంటుంది. దానికి అటూ ఇటూ, ఈ పాస్‌లో అయితే సుమారు 28 సెకన్ల దూరంలో, రెండు శిఖరాలు ఒకటి పైకి, ఒకటి కిందికి కనిపిస్తాయి.

నక్షత్రరేఖ

పాత గ్రాఫు తీసి చూశాము సార్. రేఖ 0.06 కు కాస్త ఇటుగా తాకుతోంది. D ని వెనక్కి తెచ్చి `Ki` 2 పెట్టాము. ర్యాంప్ దోషం నిజంగానే సున్నాకు వచ్చింది. కానీ స్టెప్ ఇస్తే ఇంతకుముందు లేని ఓవర్‌షూట్ వచ్చింది. `Ki` ను 1, 0.5 చేసినా ఓవర్‌షూట్ చిన్నదైందే తప్ప పోలేదు. D పెంచినా పోలేదు. ఏ విలువలు పెడితే అది పూర్తిగా పోతుంది?

మూర్తి_సర్వో

ఏ విలువలు పెట్టినా పోదమ్మా. బాలానగర్ వారి యంత్రంలో టూలు మూల దాటి కోయడానికి కారణం కూడా ఇదే.

నిశ్చలంగా ఉన్న స్థితి నుంచి మౌంట్‌కు 10 డిగ్రీల స్టెప్ ఇచ్చామనుకోండి. మొదట ఇంటిగ్రేటర్‌లో ఉన్నది సున్నా. చివరకు మౌంట్ గమ్యం చేరి ఆగిపోయింది. ఆగి ఉన్న మోటారుకు కావలసిన వోల్టేజీ సున్నా. దోషం లేదు కనుక P సున్నా, కదలిక లేదు కనుక D సున్నా. అంటే ఇంటిగ్రేటర్ కూడా సున్నాకే తిరిగి రావాలి. ఇంటిగ్రేటర్‌లో ఉండేది దోషం కింద పోగైన వైశాల్యం. గమ్యం చేరేవరకు దోషం ధనాత్మకంగా ఉండి వైశాల్యం పోగవుతూనే వచ్చింది. అది కరిగి సున్నా కావాలంటే దోషం కొంతకాలం రుణాత్మకం కాక తప్పదు. దోషం రుణాత్మకం కావడమంటే గమ్యాన్ని దాటిపోవడమే. స్టెప్‌కు టైప్ 2 లూప్‌లో దోషం మొత్తం వైశాల్యం `1/Kv`, అక్కడ `Kv` అనంతం కాబట్టి ఆ వైశాల్యం సున్నా. ట్యూనింగుతో ఓవర్‌షూట్‌ను ఎత్తు తగ్గించి పొడవుగా సాగదీయవచ్చు, లేదా పొట్టిగా చేసి ఎత్తు పెంచవచ్చు, తుడిచివేయలేము.

మీ దగ్గర ఇంకో దారి ఉంది. కేంద్రం కోణాన్ని మీరు కక్ష్య లెక్క నుంచి తెస్తున్నారు కనుక దాని వేగం మీకు ముందుగానే తెలుసు. ఆ వేగానికి కావలసిన వోల్టేజీని దోషం పుట్టేవరకు ఆగకుండా నేరుగా ఇవ్వండి:

```c
u = Kp*(ref - meas) + Kd*(ref_rate - d) + ref_rate/3.0;
```

ఇందులో ఇంటిగ్రేటర్ లేదు, ర్యాంప్‌కు మిగిలేది రాపిడి వల్ల వచ్చే 0.03 మాత్రమే. కేంద్రం ఉన్న దిశకు మొదట తిప్పుకునేటప్పుడు `ref_rate` ను సున్నాగా ఉంచితే ఓవర్‌షూట్ కూడా ఉండదు.

కొలిమి_వేడి

నేను ఫర్నేసుల కంట్రోల్ చూస్తాను. ఫర్నేసులో సహజంగా ఇంటిగ్రేటర్ ఉండదు, గోడల నుంచి వేడి కారిపోతూ ఉంటుంది కనుక అది టైప్ 0. అందువల్ల మాకు I లేనిదే స్టెప్‌కు కూడా దోషం పోదు. మూర్తి గారి ఫీడ్‌ఫార్వర్డ్ సలహాలో నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది, దాన్ని పెట్టిన తరువాత ర్యాంప్ దోషం సున్నా అయితే ఆ వ్యవస్థను టైప్ 2 అనాలా, టైప్ 1 అనాలా? రెండవది, మోటారు మారితే అది నిలబడదు. చలిలో గ్రీజు గట్టిపడి మోటారు గెయిన్ 3 నుంచి 2.7 కు పడితే ఏమవుతుంది?

మూర్తి_సర్వో

రెండవదానికి లెక్క ఉంది. అప్పుడు మోటారుకు 0.444 వోల్టు కావాలి, మనం 0.4 ఇస్తున్నాము. తక్కువైన 0.044 ను P ఇవ్వాలి, దానికి 0.022 డిగ్రీ దోషం పడుతుంది. 0.5 తో పోలిస్తే అది మీ ఫొటోలో కనిపించదు. అయితే ఇంటిగ్రేటర్ ఇచ్చే సున్నా మోటారు గెయిన్ ఎంతైనా సున్నాగానే ఉంటుంది, ఫీడ్‌ఫార్వర్డ్ ఇచ్చే సున్నా మన సంఖ్య సరిగ్గా ఉన్నంతవరకే ఉంటుంది. ఈ తేడా వల్లనే నేను దీన్ని టైప్ 1 అనే అంటాను.

కొలిమి_వేడి

నేను ఒప్పుకోను. ఇన్‌పుట్ నుంచి దోషం వరకు ఉన్న బదిలీ ప్రమేయంలో లవంలో ఎన్ని `s` లు ఉన్నాయన్నదే ఇన్‌పుట్‌కు సంబంధించిన టైప్. మీ కోడుతో అక్కడ `0.2s²` మిగులుతోంది, కాబట్టి ఆ ఇన్‌పుట్‌కు అది టైప్ 2. రాపిడికి, గాలి తోపుకు వేరే టైప్ ఉంటుంది. మోటారులో ఉన్న `1/s` గాలి తోపు ప్రవేశించే చోటుకు తరువాత ఉంది. అందుకే స్థిరమైన తోపు ముందు అది ఏ సహాయమూ చేయదు, తోపుకు ఇది టైప్ 0. ఆమె స్టెప్ 0.1 డిగ్రీ దగ్గర ఆగిపోవడానికి కారణం అదే. టైప్ ఏ ఇన్‌పుట్‌కు అని అడగకుండా ఒకే సంఖ్య చెప్పడం సరికాదు.

మూర్తి_సర్వో

గాలి తోపు, రాపిడి గురించి మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం, నేనే ముందు చెప్పవలసింది. 0.1 డిగ్రీ అంటే 0.2 వోల్టు. తిరుగుతున్నప్పుడు 0.06 చాలినా, ఆగి ఉన్న గేర్లను కదిలించడానికి అంత కావాలి. పేరు విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.

నక్షత్రరేఖ

నిన్న సాయంత్రం మరో పాస్ దొరికింది, ఈసారి ఎత్తు 52 డిగ్రీలు. ఫీడ్‌ఫార్వర్డ్‌తో దోషం మధ్యలో 0.03 దగ్గరే నిలిచింది. కేంద్రం ఫ్రేము మధ్యలోనే ఉంది. చాలా రోజుల తరువాత మా నలుగురికీ కంటినిండా నిద్ర పట్టింది.

ఒక సమస్య మిగిలింది. పాస్ మొదట్లో కేంద్రం దిగంతం దగ్గర ఉన్నప్పుడు వేగం చాలా తక్కువ. అప్పుడు మౌంట్ నిలకడగా తిరగకుండా ఆగి, ఒక్కసారిగా గెంతి, మళ్ళీ ఆగుతోంది. ప్రతి గెంతు సుమారు 0.1 డిగ్రీ. దాన్ని తొలగించడానికి చిన్న `Ki` పెడితే, కదలని నక్షత్రం మీద నిలిపినప్పుడు మౌంట్ ఏడెనిమిది సెకన్లకు ఒకసారి అటూ ఇటూ జరుగుతూనే ఉంది.

కొలిమి_వేడి

దోషం 0.05 కన్నా తక్కువ ఉన్నప్పుడు ఇంటిగ్రేటర్ పోగుచేయడం ఆపివేయండి. ఆ జరుగుడు ఆగుతుంది.

బాలానగర్_యంత్రశాల

ఆగుతుంది కానీ ఆ 0.05 దోషం శాశ్వతంగా ఉండిపోతుంది. మా అనుభవంలో దీనికి కోడులో మందు లేదు. గేరుపెట్టె విప్పి చూడండి, బేరింగు బిగుతు ఎక్కువైందేమో, గ్రీజు గట్టిదేమో. ఆగినప్పటి 0.2 వోల్టు, తిరిగేటప్పటి 0.06 వోల్టు మధ్య అంత తేడా ఉండడం నాకు నచ్చలేదు.

మూర్తి_సర్వో

విప్పే ముందు ఒక కొలత తీయండి. మౌంటును 30 డిగ్రీలకు ఒకచోట ఆపుతూ చుట్టూ తిప్పి, ప్రతిచోటా కదలిక మొదలయ్యే వోల్టేజీని రెండు దిశలలోనూ రాసుకోండి. అది అన్నిచోట్లా 0.2 ఉంటే గ్రీజు అనుకోవచ్చు. ఒకే వైపున ఎక్కువ ఉంటే షాఫ్టు వంపో, కెమెరా తీగ లాగుడో అయి ఉంటుంది. ఆ పట్టిక ఇక్కడ పెట్టండి, దాన్ని చూడకుండా ఇంటిగ్రేటర్ ఉంచాలో తీసేయాలో నేను చెప్పలేను.

నక్షత్రరేఖ

ఆదివారం ల్యాబు తెరుస్తారు. కొలిచి పట్టిక పెడతాను సార్.